ఒక్క వైరల్ వీడియోతో వచ్చిన సబ్‌స్క్రైబర్లు తర్వాతి వీడియోలు చూస్తున్నారో లేదో లెక్కగట్టడం ఎలా

ప్రశ్న: మాది మిద్దె తోట ఛానెల్. 18 వేల సబ్‌స్క్రైబర్లు ఉండేవాళ్లు. వంటింట్లో బొద్దింకల బెడద మీద సరదాగా పెట్టిన ఒక వీడియో వైరలై మూడు వారాల్లో 60 వేలు దాటింది. కానీ కొత్త వీడియోలకు వ్యూస్ మళ్లీ పాత స్థాయికే వస్తున్నట్టు ఉంది. ఆ వీడియోతో వచ్చినవాళ్లు అసలు నా తర్వాతి వీడియోలు చూస్తున్నారా? స్టూడియోలో ఎక్కడ కనిపిస్తుంది?

జవాబు:

నేరుగా ఎక్కడా కనిపించదండీ. ఫలానా వీడియో చూసి సబ్‌స్క్రైబ్ చేసిన మనిషి, ఆ తర్వాత ఫలానా వీడియో చూశాడా లేదా అన్నది యూట్యూబ్ ఛానెల్ యజమానికి చూపించదు. యాప్‌లు, వెబ్‌సైట్లు నడిపేవాళ్లు చేసే అసలైన కోహార్ట్ లెక్క, అంటే ఒకే సమయంలో చేరిన బ్యాచ్‌ను మనిషి మనిషిగా వెంబడించడం, ఇక్కడ కుదరదు. అయితే మీ విషయంలో వచ్చిన బ్యాచ్ పాత బలగం కంటే రెండింతలకు పైగా ఉంది కాబట్టి తీసివేత పద్ధతిలో దగ్గరి అంచనా వస్తుంది: ప్రతి కొత్త వీడియోకు మొదటి 7 రోజుల్లో సబ్‌స్క్రైబర్ల నుంచి వచ్చిన వ్యూస్ తీసుకుని, అందులోంచి పాతవాళ్లు మామూలుగా ఇచ్చే వ్యూస్ తీసేసి, మిగిలినదాన్ని కొత్త బ్యాచ్ సంఖ్యతో భాగించడం. ఆ శాతం ఆరేడు వీడియోల్లో ఎలా దిగుతుందో, ఎక్కడ ఆగుతుందో అదే మీ ప్రశ్నకు జవాబు.

మొత్తం వ్యూస్ చూసి తేల్చకండి. వైరల్ వీడియో ఇంకా నడుస్తూ ఉంటే దాని పక్కన సిఫార్సుగా మీ మిగతా వీడియోలు కూడా కొత్తవాళ్లకు కనిపిస్తాయి. ఆ వ్యూస్ చూసి కొత్త సబ్‌స్క్రైబర్లు వస్తున్నారని అనుకుంటాం. నిజానికి వాళ్లలో చాలామంది ఇంకా సబ్‌స్క్రైబ్ చేయనివాళ్లు. సబ్‌స్క్రైబర్ల సంఖ్య తగ్గలేదు కదా అన్న ధీమా కూడా పనికిరాదు. నచ్చనివాళ్లు సాధారణంగా అన్‌సబ్‌స్క్రైబ్ చేసే శ్రమ తీసుకోరు, చూడటం మానేస్తారంతే.

ముందు బ్యాచ్ ఎంతో తేల్చుకోవాలి

స్టూడియోలో అనలిటిక్స్‌కి వెళ్లి అడ్వాన్స్‌డ్ మోడ్ తెరిస్తే వీడియోవారీగా ఎంతమంది సబ్‌స్క్రైబర్లు వచ్చారో ఒక కాలమ్‌లో ఉంటుంది. దాన్ని యథాతథంగా తీసుకుంటే తక్కువ పడుతుంది. ఆ అంకెలో వైరల్ వీడియో పేజీ మీదే బటన్ నొక్కినవాళ్లు మాత్రమే ఉంటారు. వీడియో చూసి, ఛానెల్ పేజీకి వెళ్లి, అక్కడ సబ్‌స్క్రైబ్ చేసినవాళ్లు ఆ వీడియో ఖాతాలో పడరు. అందుకే ఛానెల్ మొత్తానికి వచ్చినవాళ్లను తీసుకుని, మామూలుగా రోజూ వచ్చేవాళ్లను తీసేయడం మేలు.

ఎప్పటినుంచి ఎప్పటిదాకా అన్నది కూడా గీత గీసుకోవాలి. రోజువారీ సబ్‌స్క్రైబర్ల రాక మీ పాత సగటు కంటే బాగా పైకి లేచిన రోజు మొదలు, మళ్లీ ఆ సగటుకు రెట్టింపు లోపలికి దిగిన రోజుతో ముగింపు. వైరల్ వీడియో తోక నెలల తరబడి సాగుతుంది. గీత గీయకపోతే బ్యాచ్‌లోకి రోజూ కొత్తవాళ్లు చేరుతూనే ఉంటారు, లెక్క ఎప్పటికీ తెగదు.

మీ అసలు అంకెలు నా దగ్గర లేవు కాబట్టి మీరు చెప్పిన 18 వేలు, 60 వేలకు సరిపోయేలా నమూనా అంకెలు వేసి చూపిస్తాను. లెక్క చేసే తీరు ముఖ్యం, అంకెల చోట మీవి పెట్టుకోండి.

వైరల్ కాలం 24 రోజులు అనుకుందాం. ఆ రోజుల్లో ఛానెల్‌కు మొత్తం 43,500 మంది వచ్చారు, 900 మంది వెళ్లిపోయారు. వైరల్ లేకపోతే రోజుకు 25 మంది చొప్పున ఎలాగూ 600 మంది వచ్చేవాళ్లు. 43,500 నుంచి 900, 600 తీసేస్తే 42,000. ఇదే మన బ్యాచ్. వైరల్ వీడియో ఖాతాలో మాత్రం 38,400 మందే చూపిస్తుందనుకోండి, మిగతావాళ్లు ఛానెల్ పేజీ ద్వారానో, పాత వీడియోల ద్వారానో వచ్చినవాళ్లు.

పాతవాళ్ల మామూలు వ్యూస్

వైరల్‌కు ముందు పెట్టిన చివరి 8 వీడియోలు తీసుకోండి. ఒక్కోదానికి మొదటి 7 రోజుల్లో సబ్‌స్క్రైబర్ల వ్యూస్ ఎన్నో రాసుకోండి. అడ్వాన్స్‌డ్ మోడ్‌లో సబ్‌స్క్రిప్షన్ స్టేటస్ ప్రకారం విడగొడితే సబ్‌స్క్రైబ్ చేసినవాళ్లవి, చేయనివాళ్లవి వేరువేరుగా వస్తాయి. ఈ విభజన చూసిన సమయానికి ఉన్న స్థితిని బట్టి జరుగుతుంది. వైరల్ వీడియో చూస్తూ బటన్ నొక్కిన మనిషి విషయంలో ఆ చూడటం సబ్‌స్క్రైబ్ చేయనివాళ్ల లెక్కలోనే పడుతుంది, ఆ తర్వాత చూసినది సబ్‌స్క్రైబర్ లెక్కలోకి వస్తుంది. మన పనికి ఇది చాలా అనుకూలం, ఎందుకంటే వైరల్ వీడియో మొదటి వీక్షణ మన లెక్కను కలుషితం చేయదు.

వీడియోలు ఎక్కువుంటే చేత్తో చేయడం విసుగు. యూట్యూబ్ అనలిటిక్స్ ఏపీఐ వాడటం వస్తే ఒక్కో వీడియోకు ఈ ప్రశ్న చాలు:

```
ids=channel==MINE
startDate=2025-06-01
endDate=2025-08-31
dimensions=day,subscribedStatus
metrics=views,averageViewPercentage
filters=video==VIDEO_ID
```

వచ్చిన వరుసల్లో `SUBSCRIBED` ఉన్నవి మాత్రమే తీసుకోండి.

ఇక్కడ మనవాళ్లకు ఒక చిక్కు ఉంది. అనలిటిక్స్‌లో రోజు అంటే అమెరికా పసిఫిక్ కాలమానం ప్రకారం రోజు. మన దగ్గర మధ్యాహ్నం పన్నెండున్నరకు, వాళ్ల చలికాలంలో ఒకటిన్నరకు తేదీ మారుతుంది. మీరు ఉదయం పది గంటలకు వీడియో పెడితే మొదటి రోజు అని చూపించేది వేసవిలో రెండున్నర గంటలే. సాయంత్రం ఆరుకు పెడితే పద్దెనిమిది గంటలకు పైన. వైరల్‌కు ముందు ఉదయం పెట్టి, తర్వాత సాయంత్రానికి మారి ఉంటే ఏడు వరుసలు కూడటం సమానమైన పోలిక కాదు. అలాంటప్పుడు ఉదయం పెట్టినవాటికి ఎనిమిది వరుసలు, సాయంత్రంవాటికి ఏడు వరుసలు తీసుకుంటే దాదాపు సరిపోతుంది.

నమూనాకు వద్దాం. ఆ 8 వీడియోలకు సబ్‌స్క్రైబర్ల వ్యూస్ ఇలా ఉన్నాయనుకోండి: 2,350, 2,480, 2,600, 2,650, 2,750, 2,800, 3,100, 5,200. సగటు తీస్తే మూడు వేల దగ్గరికి వస్తుంది, కానీ అది చివరి ఒక్క వీడియో లాగిన సగటు. అంకెలన్నీ వరుసగా పేర్చితే నడిమధ్యన పడేది, అంటే మధ్యగతం తీసుకోండి: 2,700. పాత 18,000 మందిలో ఇది 15 శాతం. వ్యూస్ అంటే మనుషులు కాదు, ఒకరే రెండుసార్లు చూసి ఉండొచ్చు. కాబట్టి దీన్ని చూసినవాళ్ల శాతం అని కాకుండా, వంద మంది సబ్‌స్క్రైబర్లకు వారంలో 15 వ్యూస్ అని చదువుకోవాలి.

తర్వాతి వీడియోలు

వైరల్ కాలం ముగిశాక వారానికొకటి చొప్పున 8 వీడియోలు పెట్టారనుకుందాం. మొదటిది కరివేపాకు మొక్క మీద, 6,900 సబ్‌స్క్రైబర్ వ్యూస్. 2,700 తీసేస్తే మిగిలింది 4,200, అంటే 42,000 మందిలో వందకు 10. రెండోది టమాటా నారు, 5,220. మిగిలేది 2,520, వందకు 6. మూడోది వంటింట్లో చీమల నివారణ, 7,320. మిగిలేది 4,620, వందకు 11. నాలుగోది సొర పందిరి, 4,170, వందకు మూడున్నర. ఐదోది వంటింటి చెత్తతో ఎరువు, 3,960, వందకు 3. ఆరోది బియ్యంలో పురుగు పట్టకుండా చూడటం, 6,480, వందకు 9. ఏడోది బంతి నారు, 3,540, ఎనిమిదోది టమాటా ఆకుముడత, 3,580. ఈ చివరి రెండూ వందకు 2 దగ్గర నిలిచాయి.

ఎనిమిదింటినీ కలిపి సగటు తీస్తే వందకు ఆరు దగ్గరికి వస్తుంది. ఆ సగటుకు అర్థమే లేదు, ఎందుకంటే ఇందులో రెండు వేర్వేరు కథలున్నాయి. తోట వీడియోలను మాత్రమే వరుసగా చదవండి: 10, 6, 3.5, 3, 2, 2. మొదటి రెండు వారాల కుతూహలం దిగిపోయి, రెండు దగ్గర నేల తాకింది. పాతవాళ్లు వందకు 15 ఇస్తుంటే కొత్త బ్యాచ్ 2 ఇస్తోంది. అదే ఇంటి పురుగుల వీడియోలకు 11, 9. ఆరో వారంలో కూడా పెద్దగా తగ్గలేదు. అంటే ఈ బ్యాచ్ ఛానెల్‌ను వదిలిపోలేదు, వాళ్లకు కావలసింది తోట కాదు, అంతే. విషయం వారీగా విడదీయకుండా తీసిన నిలుపుదల శాతం మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఈ ఒక్క విభజన చేయకుండా వైరల్ బ్యాచ్ చచ్చిపోయిందని తేల్చేసేవాళ్లే ఎక్కువ.

అయితే ఆ 11, 9 అంకెలను కూడా కాస్త అనుమానంగానే చూడాలి. చీమల వీడియోకు కూడా పాత తోటవాళ్లు 2,700 వ్యూస్ ఇచ్చారని మనం అనుకున్నాం. వాళ్లకు ఆ విషయం పట్టకపోతే ఇచ్చింది వెయ్యే కావచ్చు, అప్పుడు కొత్తవాళ్ల వాటా ఇంకా ఎక్కువ. ఒకవేళ ఇంట్లో చీమల బాధ అందరికీ ఉండి పాతవాళ్లు నాలుగు వేలు ఇచ్చి ఉంటే, కొత్తవాళ్లది వందకు 8 దగ్గరికి దిగుతుంది. వైరల్‌కు ముందు ఇలాంటి ఇంటి చిట్కా వీడియోలు రెండు మూడు పెట్టి ఉంటే వాటి మధ్యగతాన్నే ఇక్కడ తీసివేతకు వాడండి. లేకపోతే ఒక అంకె కాకుండా 8 నుంచి 15 మధ్య అని రాసుకోవడం నిజాయితీ.

రెండో జాగ్రత్త, ట్రాఫిక్ సోర్స్. ఆ చీమల వీడియోకు వ్యూస్ ఎక్కడినుంచి వచ్చాయో తెరవండి. సజెస్టెడ్ వీడియోస్ మీద నొక్కితే ఏ వీడియో పక్కనుంచి వచ్చారో కూడా చూపిస్తుంది. అక్కడ మీ వైరల్ వీడియోదే పెద్ద వాటా అయితే, బొద్దింకల వీడియో మళ్లీ చూడటానికి వచ్చిన సబ్‌స్క్రైబర్ పక్కన కనిపించింది నొక్కాడని అర్థం. ఆ తోక ఆగిపోతే ఈ వ్యూస్ కూడా ఆగిపోతాయి. బ్రౌజ్ ఫీచర్స్, నోటిఫికేషన్ల నుంచి వస్తే గట్టి సూచన: హోమ్ పేజీలో మీ పేరు, మీ థంబ్‌నెయిల్ చూసి వచ్చారు.

చూసిన వాటా కూడా పక్కన పెట్టుకోండి, పై ప్రశ్నలో `averageViewPercentage` అడిగింది అందుకే. సబ్‌స్క్రైబర్ల సగటు 48 శాతం ఉండేది 39కి పడిపోయి, వ్యూస్ మాత్రం పెరిగాయంటే కొత్తవాళ్లు నొక్కుతున్నారు గానీ కూర్చోవడం లేదు. ఇలాంటి వీడియో తర్వాత వచ్చే వీడియోకు మిగులు పడిపోతుందేమో గమనించండి.

ఈ లెక్క ఎంతవరకు నమ్మొచ్చు

పాత వీడియోల అంకెలు మధ్యగతానికి అటూ ఇటూ ఓ నాలుగు వందలు ఊగుతున్నాయి. ఆ ఊపు 42,000 మీద వందకు దాదాపు ఒకటి. కాబట్టి ఒక వీడియోకు 2, మరోదానికి 2.8 వస్తే వాటి మధ్య తేడా ఉందని చెప్పలేం. 2కీ 9కీ మధ్య తేడా మాత్రం ఖాయం. ఇదే పద్ధతి 800 మంది వచ్చిన చిన్న వైరల్‌కు వాడితే ఆ నాలుగు వందల ఊపే వందకు యాభై అయిపోతుంది, లెక్క పనికిరాదు. కొత్త బ్యాచ్ పాత బలగంలో కనీసం సగమైనా లేకపోతే నేను ఈ తీసివేతను నమ్మను.

ఇంకొకటి, తోట ఛానెల్‌కు కాలాన్ని బట్టి గిరాకీ మారుతుంది. తొలకరికి విత్తనాల వీడియోలు చూసే పాతవాళ్లు మండు వేసవిలో చూడరు. వైరల్ మే నెలలో వచ్చి, తర్వాతి వీడియోలు జూన్, జూలైలో పడితే పాతవాళ్ల వ్యూసే పెరిగి ఉండొచ్చు, ఆ పెరుగుదలను మీరు కొత్త బ్యాచ్ ఖాతాలో వేసేస్తారు. క్రితం ఏడాది అవే నెలల్లో సబ్‌స్క్రైబర్ వ్యూస్ మార్చి, ఏప్రిల్ కంటే ఎంత శాతం పెరిగాయో చూసి 2,700ను అంత పెంచుకోండి. 20 శాతం పెరిగి ఉంటే తీసివేయాల్సింది 3,240. అప్పుడు చివరి రెండు తోట వీడియోల మిగులు వందకు ఒకటి కూడా ఉండదు.

వైరల్ అయినది షార్ట్ అయితే ఈ లెక్కలో షార్ట్‌లను, పెద్ద వీడియోలను కలపొద్దు. 2025 మార్చి 31 నుంచి షార్ట్ ప్లే అవడం మొదలైతే చాలు వ్యూగా లెక్కిస్తున్నారు. ఆ తేదీకి ముందువాటితో పోల్చాలంటే పాత పద్ధతిలో లెక్కేసే ఎంగేజ్డ్ వ్యూస్ తీసుకోవాలి.

మనిషి మనిషిగా చూడగలిగిన ఒకే చోటు

కామెంట్లు. వాటికి రాసినవాళ్ల ఛానెల్ గుర్తింపు ఉంటుంది కాబట్టి అసలైన కోహార్ట్ పట్టిక వేయొచ్చు. ఏపీఐలో `commentThreads.list` తో ఒక్కో వీడియో కామెంట్లు దించుకుని, ఈ విలువను మాత్రం ఉంచుకోండి:

```
snippet.topLevelComment.snippet.authorChannelId.value
```

వైరల్ వీడియోకు కామెంట్ పెట్టినవాళ్లలో అంతకుముందు మీ ఏ వీడియో కిందా రాయనివాళ్లను వేరు చేయండి. అలా 1,150 మంది మిగిలితే, వాళ్లలో ఎంతమంది తర్వాతి 8 వీడియోల్లో ఏదో ఒకదాని కింద కనిపించారో లెక్కించండి. 35 మంది అయితే వందకు 3. పోలికకు వైరల్‌కు ముందటి మామూలు తోట వీడియోలు నాలుగైదు తీసుకుని, వాటి కింద తొలిసారి రాసినవాళ్లకు కూడా తర్వాతి 8 వీడియోల వరకు అదే లెక్క చేయండి. తొలిసారి రాసినవాళ్లు అన్న షరతు రెండువైపులా ఉండి తీరాలి. లేకపోతే ఒకవైపు ఏళ్ల తరబడి ఉన్న అభిమానులు చేరి పోలిక చెడిపోతుంది. ఒకే వీడియో తీసుకుంటే పోలిక గుంపు నలభై మందే ఉంటారు, అందులో ఇద్దరు అటైనా ఇటైనా శాతం ఐదు మారుతుంది. అందుకే నాలుగైదు.

కామెంట్ పెట్టేవాళ్లు మామూలు ప్రేక్షకుల కంటే ఉత్సాహవంతులు, కాబట్టి ఈ 3ను మొత్తం 42,000 మందికి అంటించకండి. రెండు గుంపుల మధ్య నిష్పత్తి కోసమే ఇది. తీసివేత లెక్కలో కొత్తవాళ్లు పాతవాళ్లలో ఏడో వంతు చూస్తున్నారని వచ్చి, కామెంట్లలో కూడా కొత్తగా వచ్చినవాళ్లు పోలిక గుంపు తిరిగి వచ్చే శాతంలో నాలుగో వంతో ఐదో వంతో వస్తున్నారని తేలితే, రెండు దారులూ ఒకే ఊరికి చేరినట్టే. కామెంట్లలో పోలిక గుంపు శాతంలో సగం దాకా వస్తున్నారని తేలితే మీ తీసివేతలో ఏదో తప్పింది. ముందు తేదీలు, తర్వాత సీజన్ సవరణ వెతకండి.

స్టూడియోలో ఇటీవలి సబ్‌స్క్రైబర్ల జాబితా ఒకటి ఉంటుంది, దాన్ని ఈ పనికి వాడొద్దు. సబ్‌స్క్రిప్షన్లు బయటికి కనిపించేలా పెట్టుకున్నవాళ్లే అందులో ఉంటారు, వాళ్లు ఏం చూశారో అందులో ఉండదు.

ఆడియన్స్ ట్యాబ్‌లో కొత్త, క్యాజువల్, రెగ్యులర్ ప్రేక్షకుల విభజన మాత్రం ఆలస్యంగా పనికొస్తుంది. క్యాజువల్ అంటే గత ఏడాదిలో ఒకటి నుంచి ఐదు నెలల్లో మీ ఛానెల్ చూసినవాళ్లు, రెగ్యులర్ అంటే ఆరు నెలలు అంతకు మించి. కాబట్టి మే నెలలో వచ్చిన బ్యాచ్ ఎంత శ్రద్ధగా చూసినా అక్టోబరుకు ముందు రెగ్యులర్ లెక్కలోకి రాలేదు. జూలైలో ఆ గీత కదలలేదని కంగారు పడనక్కర్లేదు. నవంబరులో కూడా వైరల్‌కు ముందటి మట్టంలోనే ఉంటే, తోట వీడియోలకు వచ్చిన ఆ 2 శాతం నిజమేనని ఖాయం చేసుకోవచ్చు.

ఈ మధ్యలో కొత్త వీడియోల క్లిక్ శాతం తగ్గినట్టు కనిపిస్తుంది, దాన్ని చూసి థంబ్‌నెయిళ్లు మార్చేయకండి. హోమ్ పేజీలో బొద్దింకల కోసం వచ్చినవాళ్లకు కూడా టమాటా నారు చూపిస్తారు, వాళ్లు నొక్కరు, ఇంప్రెషన్లు పెరిగి శాతం పడుతుంది. పాతవాళ్లు ఇచ్చే 2,700 చెక్కుచెదరకుండా ఉందా అన్నదే చూడండి. తోట వీడియోల మొత్తం సబ్‌స్క్రైబర్ వ్యూస్ దానికంటే కిందికి జారితే అప్పుడు సమస్య కొత్త బ్యాచ్‌ది కాదు, పాతవాళ్లది. ఇంటి పురుగుల వీడియోలు ఎక్కువైన నెలలోనే ఆ జారడం మొదలైందా అన్నది మొదట తేల్చాల్సిన విషయం.